బిల్డ్ మెషిన్‌లో అంతా పచ్చగానే ఉంది

మా ఆఫీసులో ఒక మాట ఉండేది: నడుస్తున్నదాన్ని ముట్టుకోవద్దు. ఆ మాట పట్టుకునే ఏళ్ల తరబడి ఒక రక్తనిధి సాఫ్ట్‌వేర్‌ని అలాగే వదిలేశాం. లోపల వాడిన లైబ్రరీలన్నీ, అంటే రెడీమేడ్ కోడ్ ముక్కలన్నీ, ఎవరెవరో రాసి పెట్టినవి. వాళ్లు కొత్త వెర్షన్ల మీద కొత్త వెర్షన్లు తెచ్చుకుంటూ పోయారు, మేము మాత్రం పాతవాటి మీదే కూర్చున్నాం. చివరికి ఆసుపత్రి నెట్‌వర్క్ వాళ్లే తేల్చి చెప్పారు. భద్రతా లోపాలున్న పాత లైబ్రరీలు శుక్రవారం సాయంత్రానికి తీసేయకపోతే లైను కోసేస్తామన్నారు. లైను కోస్తే ఒక శాఖలో ఏ రక్తం ఉందో ఇంకో శాఖకు తెలియదు. అసలే డెంగ్యూ రోజులు. ప్లేట్‌లెట్ల కోసం జనం ఊరంతా పరుగెత్తుతున్నారు.

రాంగోపాల్‌పేట్‌లో మోటారు పంపుల దుకాణాల పైన మా ఆఫీసు. ఆ పని నాకూ, మా టీం లీడ్‌కీ అప్పగించారు. లీడ్ నాకంటే చిన్నవాడు, హుషారు మనిషి, అక్కా అనే పిలుస్తాడు. అన్నీ ఒకేసారి మార్చి పారేద్దామన్నాడు. నేను ససేమిరా అన్నాను. పది మార్చాక ఏదో ఒకటి విరిగితే, పదింటిలో దొంగ ఎవరని వెతుక్కుంటాం? ఒక్కో లైబ్రరీ మారుద్దాం, టెస్టులు నడుపుదాం, పాత ప్రోగ్రామ్‌నీ కొత్తదాన్నీ ఒకే డేటా మీద నడిపి రెండింటి ఫలితాలూ పక్కపక్కన పెట్టి చూద్దాం, సరిపోతేనే విడిగా సేవ్ చేసి ముందుకు పోదాం అన్నాను.

"నువ్వు చేసేటట్లుంటే దసరా అయితది అక్కా," అన్నాడు.

"అయితే కానీ. నాకేం తొందర లేదు," అన్నాను. తొందర నాకూ ఉంది, కానీ అతని ముందు ఒప్పుకునే రకాన్ని కాను.

శుక్రవారం పొద్దుటికి ఒక్కటే మిగిలింది, తేదీలు చూసుకునే లైబ్రరీ. దాన్ని లీడ్ మార్చాడు. ఫలితాలు పక్కపక్కన పెట్టి చూసే పని మాత్రం టైం లేదని వదిలేశాడు. నేను నా లాప్‌టాప్‌లోకి తెచ్చుకుని టెస్టులు నడిపితే ఒకటి ఫెయిలై ఎర్రగా వచ్చింది. ప్లేట్‌లెట్ సంచి గడువు తేదీ ఒక రోజు వెనక్కి జరిగి కనిపిస్తోంది. ఈ రోజు దాకా వాడదగ్గ సంచి నిన్నటితోనే అయిపోయినట్టు చూపిస్తోంది. ప్లేట్‌లెట్లకు ఉండే ఆయుష్షే ఐదు రోజులు, అందులో ఒకటి పోతే ఇంకేం మిగిలినట్టు!

లీడ్‌ని పిలిచి చూపించాను. అతను తన స్క్రీన్ నా వైపు తిప్పాడు. ఆఫీసు మొత్తానికి టెస్టులు నడిపే బిల్డ్ మెషిన్‌లో అంతా పచ్చగా ఉంది.

"చూడు, సబ్ గ్రీన్. గిది నీ లాప్‌టాప్ తక్లీఫ్ అక్కా. ఊకె పరేషాన్ కాకు."

"నా లాప్‌టాప్‌కి నామీద పగా? మళ్లీ నడిపించు."

మళ్లీ నడిపించాడు, మళ్లీ పచ్చగానే వచ్చింది. మేనేజర్ గారు వచ్చి రెండు స్క్రీన్లూ చూసి, "బిల్డ్ పాసయ్యింది గద మేడం, మీదొక్కటే ఫెయిలైతుంది. సాయంత్రం దాక కూసుంటే లైను కట్ చేస్తరు. పంపించేయండి," అన్నారు. వద్దు సార్ అని మొత్తుకున్నాను. ఎందుకు వద్దో చెప్పమన్నారు, ఆ ఎర్ర టెస్టునే మళ్లీ చూపించాను. మధ్యాహ్నానికల్లా లీడ్ కొత్త వెర్షన్‌ని రక్తనిధికి పంపించేశాడు.

అన్నం డబ్బా మూత తీయబుద్ధి కాలేదు. కొత్త వెర్షన్‌తో ఇచ్చిన మార్పుల పేజీ మొదటి నుంచీ చదవడం మొదలుపెట్టాను. చాలా కిందికి పోయాక ఒక ముక్క కనిపించింది: ప్రత్యేకంగా చెప్పకపోతే ఇకనుంచి తేదీలను, మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే గ్రీనిచ్ సమయం ప్రకారమే రాస్తుందట. లాప్‌టాప్ గడియారాన్ని గ్రీనిచ్‌కి మార్చి టెస్టు నడిపాను. పచ్చగా వచ్చింది. మన గడియారానికి మార్చాను. ఎర్రగా వచ్చింది.

ఓరి దేవుడో! బిల్డ్ మెషిన్ గడియారం మొదటి నుంచీ గ్రీనిచ్‌దే. దానికి తేడా తెలిసే అవకాశమే లేదు. మా ప్రోగ్రామ్ గడువు తేదీని ఆ రోజు మొదలయ్యే అర్ధరాత్రిగా దాచుకుంటుంది. మన అర్ధరాత్రి అంటే గ్రీనిచ్‌లో ముందు రోజు సాయంత్రం ఆరున్నర, అందుకే తేదీ ఒకటి తగ్గుతోంది. రక్తనిధి కంప్యూటర్లు నడిచేది నా లాప్‌టాప్‌లాగే మన గడియారంతో.

రక్తనిధికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. టెక్నీషియన్ ఎత్తాడు.

"ప్లేట్‌లెట్లు ఏమైనా తీసేశారా?"

"అవు మేడం, గడువైపోయినయని స్క్రీన్ మీద మూడొచ్చినయి. రెండు పక్కకు పెట్టిన. ఒకటి ఇప్పుడే పారేసే దాంట్ల వోయింది."

"ఆ రెండూ ముట్టుకోకండి! రక్తం ఎప్పుడు తీశారో లేబుల్ మీద చూసి ఐదు రోజులు లెక్కపెట్టండి."

అవతల గొణుగుతూ లెక్కపెట్టడం వినిపించింది. "ఈ రాత్రి దాంక ఉన్నది మేడం! మరి సిస్టం ఇయ్యనిస్తలేదే?"

నా వెనకే నిలబడి వింటున్న లీడ్ గబగబా తన సీటుకి పోయాడు. తిట్టాలని నోటిదాకా వచ్చింది, మింగేశాను. "తేదీల లైబ్రరీ ఒక్కటే వెనక్కి తియ్. మిగతావేవీ కదిలించకు," అన్నాను. ఒక్కోటి విడిగా సేవ్ చేశాం కాబట్టి ఆ ఒక్క అడుగే వెనక్కి వేయగలిగాం. అన్నీ కలిపి మార్చి ఉంటే ఏది పీకాలో తెలిసేది కాదు. అతను పాస్‌వర్డ్ రెండుసార్లు తప్పు కొట్టాడు. పాత వెర్షన్ ఎక్కింది. సంచులు రెండూ వాడొచ్చని స్క్రీన్ మీద మళ్లీ కనిపించాయని టెక్నీషియన్ చెప్పాడు.

నేను ఊపిరి పీల్చుకునేలోపే అతను, "మేడం, ఒకాయన వచ్చి పోయిండు. భార్యకు డెంగ్యూ, ప్లేట్‌లెట్లు మస్తు పడిపోయినయంట. లేవని చెప్పి పంపిన," అన్నాడు.

"ఆయన నంబర్ ఉందా?"

"ఉన్నది, చేస్తున్న."

టెక్నీషియన్ రెండో ఫోన్‌ని కూడా స్పీకర్‌లో పెట్టాడు, అది మోగడం మాకు వినిపిస్తోంది. ఎత్తలేదు. మళ్లీ చేశాడు, ఎత్తలేదు. మేనేజర్ గారు నా కుర్చీ వెనకే నిలబడ్డారు. ఈలోపు లీడ్ తేదీలు మన సమయం ప్రకారమే రాయమని కొత్త లైబ్రరీకి చెప్పే లైను రాశాడు, బిల్డ్ మెషిన్ గడియారాన్ని కూడా మన సమయానికి మార్చాడు. ఈసారి పాతదీ కొత్తదీ ఎవరూ చెప్పకుండానే పక్కపక్కన పెట్టుకుని ఒక్కో తేదీ సరిచూస్తున్నాడు. సాయంత్రం గడువులోపు పని పూర్తవుతుందని నాకు అర్థమైంది. కానీ అప్పుడు ఆ గడువు ఎవరికి కావాలి?

నాలుగోసారికి ఆయన ఎత్తాడు. వెనక బండ్ల హారన్లు.

"అన్నా, వాపస్ రా. మీకు సరిపోయేటివి రెండున్నయి," అన్నాడు టెక్నీషియన్.

ఆ హారన్ల మధ్యే ఆ మనిషి గొంతు పెద్దదైంది.

"ఇందాక లేవంటిరి గదనే! నేను లాలాగూడ దాంక వచ్చిన, ఈడ సుత లేవన్నరు. మా ఆమెకు ముక్కుల కెళ్లి రక్తం కారుతున్నది. గంట కింద లేనిది ఇప్పుడెట్లొచ్చింది?"

లీడ్ కీబోర్డు మీంచి చేతులు తీసేసి నా వైపు చూశాడు.

"చెప్పుండ్రి," అన్నాడాయన. "అప్పుడు ఆడ్నే ఉండెనా?"