ఉయ్యాల దగ్గరి బోర్డు

సిరిసిల్లలో నేను పనిచేసిన ప్రాథమిక పాఠశాలకు ఒక ఇనుప ఉయ్యాల వచ్చింది. ఊళ్లో వెల్డింగు చేసే ఆయన పైపులు అతికించి చేసిపెట్టాడు. కూర్చునే పలక టేకుది, అంచు చుట్టూ ఇనుప పట్టీ. మొదటి వారంలోనే ఇద్దరు పిల్లలు మోకాళ్లు చెక్కుకుపోయి ఏడుస్తూ వచ్చేసరికి పెద్దసారు నన్ను పిలిచాడు.

"నీ చేతిరాత మంచిగుంటది. ఒక బోర్డు రాయి. రేపు ఎవరన్న అడిగితే మనం చెప్పినట్టుండాలె."

మాది జగిత్యాల. టీచరు ట్రైనింగులో నా రాతను అందరూ మెచ్చుకునేవారు. ఆ గర్వంతో రెండు సాయంత్రాలు కూర్చుని, నల్ల చెక్క మీద తెల్ల రంగుతో ఎనిమిది నియమాలు రాశాను. 'క్రీడా పరికరముల వద్ద విద్యార్థులు తగు జాగ్రత్తలు పాటించవలెను' అనేది మొదటిది. 'ఉల్లంఘించినవారిపై కఠిన చర్యలు తీసుకొనబడును' అనేది చివరిది. పెద్దసారు గది తలుపు పైన, ఎవరి చెయ్యీ అందనంత ఎత్తున వేలాడదీశాం. ఉయ్యాల మైదానం అవతలి మూలన ఉంది. ఆ దూరం గురించి మేమెవరం ఆలోచించలేదు.

నాలుగో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. నాన్న సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, కూలికి నేసేవాడు. అమ్మ ఇంట్లో నూలు కండెలు చుట్టేది. బడి వదిలాక ఈ పిల్ల కూడా చుట్టేది. తరగతిలో అందరికంటే స్పష్టంగా చదివేది.

వానలు వెనకబడ్డ రోజుల్లో, ఒక మధ్యాహ్నం బెల్లు కొట్టాక, ఆ పిల్ల గ్లాసు పట్టుకొని బోరింగు దగ్గరికి బయలుదేరింది. తరగతుల నుంచి బోరింగుకు దగ్గరి దారి ఉయ్యాల ముందునుంచే పోతుంది. నేను వరండాలో నిలబడి చూస్తున్నాను. ఆమె పరుగెత్తలేదు. ఊగుతున్న ఉయ్యాల వెనక్కి పోవడం చూసి, మెల్లగా అడుగు వేసింది. అది తిరిగి వచ్చింది. పలక అంచు ఎడమ కంటికి తగిలింది.

కరీంనగర్ ఆసుపత్రికి బస్సులో తీసుకుపోయాం. వేములవాడ దాటాక పోలీసులు బస్సు ఆపి అందరినీ దిగమన్నారు. సంచులు వెతుకుతున్నారు. బిడ్డ తల ఒళ్లో పెట్టుకున్న తల్లి దిగలేదు. కానిస్టేబులు లోపలికి ఎక్కి, నెత్తురైన గుడ్డను చూసి, దిగిపోయాడు.

డాక్టరు ఆ కంటికి చూపు రాదని చెప్పాడు.

"రెండోది మంచిగనే ఉన్నదా సారూ?" అని తల్లి నన్ను అడిగింది. మంచిగనే ఉందన్నాను.

నెల దాటాక పిల్ల బడికి వచ్చింది. ఒకరోజు అందరూ ఆటలకు పోయాక, తరగతిలో ఒంటరిగా కూర్చున్న ఆమె పక్కన కూర్చున్నాను. నాకు తెలుసుకోవాలని ఉంది, అడగడానికి సిగ్గుగానూ ఉంది.

"నేను రాసిన బోర్డు ఎప్పుడన్న చదివినవా బిడ్డా?"

"సదివిన సారూ. జాగ్రత్త అని ఉన్నది. జాగ్రత్తగనే పోయిన."

ఆమె మాటలో నింద లేదు. అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పింది, అంతే. జాగ్రత్తగా ఉండమన్న నేను, ఎక్కడ నిలబడాలో, ఎటు పోవాలో ఒక్క ముక్క కూడా రాయలేదు.

మర్నాడు తరగతి పిల్లలందరినీ ఆ బోర్డు కిందికి తీసుకుపోయాను. ఒకడు గడగడా చదివాడు. 'ఉల్లంఘించినవారిపై' అంటే ఏమిటని అడిగితే, "పోలీసోళ్లు పట్టుకపోతరని సారూ" అన్నాడు. ఇంకో పిల్ల తలదించుకొని చెప్పింది: "మా అమ్మ గోడల మీది రాతలు సదవద్దన్నది. సదువుతుంటే ఎవరన్న సూస్తే ఆపతి అన్నది."

ఆ రోజుల్లో ఊరి గోడలన్నీ అట్లాగే ఉండేవి. రాత్రి ఎర్ర రంగుతో నక్సలైట్ల నినాదాలు పడేవి, పొద్దున్నే పోలీసులు ఎవరో ఒకరితో సున్నం కొట్టించేవారు. మా బడి ప్రహరీ మీద సున్నం పొరలు పొరలుగా పేరుకుంది. రాత కనిపిస్తే చూపు తిప్పుకోవడం పిల్లలకు ఇంట్లోనే నేర్పారు. నా బోర్డు కూడా వాళ్లకు ఆ గోడల్లో ఒకటి.

"మరి ఏం రాస్తే వింటరు?" అని అడిగాను.

"గంత పొడుగు వద్దు సారూ."

"ఉయ్యాల కాడ్నే రాయాలె. ఈడ సదివి ఆడికి పోయేసరికి మర్సిపోతం."

ఎప్పుడూ మాట్లాడని ఒక పిల్లవాడు, "బోరింగుకు ఎటు పోవాల్నో చెప్పుర్రి. పోవద్దంటే నీళ్ల దూప ఆగుతదా?" అన్నాడు.

ఆ ఆదివారం ఉయ్యాల ముందూ వెనకా ఎంత దూరం వస్తుందో ఊపి చూసి, అంతకు ఇంకో రెండడుగులు కలిపి, నేల మీద చుట్టూ సున్నంతో గీత గీశాను. బోరింగుకు గీత బయటినుంచి దారి చేసి, రెండు పక్కలా ఇటుకలు పాతాను. రెండే రెండు రేకు ముక్కలు రాశాను. గీత దగ్గర, పిల్లల కంటి ఎత్తులో ఒకటి: 'ఉయ్యాల ఆగేదాక గీత బయట నిలబడు. పలక తలకు తాకుతది.' దారి మొదట్లో బాణం గుర్తుతో రెండోది: 'నీళ్లకు గిటు పో.' మా బడికి వచ్చే ఉర్దూ మాట్లాడే పిల్లల్లో ఒకరి నాన్న దర్జీ. ఆయన అవే మాటలు ఉర్దూలో కింద రాసిపెట్టాడు. ఎర్ర రంగు అయితే దూరానికి కనిపిస్తుంది. కాని ఆ ఊళ్లో ఎర్ర రంగు డబ్బా కొనడానికి నాకు ధైర్యం చాలలేదు. నీలం వాడాను.

పెద్దసారు చూసి ముఖం చిట్లించాడు. "గిదేం భాషయ్యా? బడిల రాసే తీరేనా?"

"పిల్లలు మాట్లాడే తీరు సారూ."

ఆయన తీసెయ్యమనలేదు. వారం తిరక్కుండా ఎస్సై జీపు వచ్చి ఆగింది. బడిలో కొత్త రాతలు ఎవరివని, నేల మీద గీత ఎందుకని అడిగాడు. పెద్దసారే ముందుకు వచ్చి, "నేనే రాయించిన. మా పిల్లకు కన్ను పోయింది" అన్నాడు. ఎస్సై ఆ రెండు రేకులూ చదివి, జీపెక్కి వెళ్లిపోయాడు.

అన్నీ ఒక్కరోజులో కుదరలేదు. మొదట కొందరు ఇటుకలు దాటి అడ్డంగానే పోయేవారు. రోజూ పిల్లలతో ఆ దారిన నేనే నడిచాను. వాన పడి గీత చెరిగిపోతే అలవాటూ చెరిగిపోయేది. అందుకని సోమవారం సోమవారం గీత దిద్దే పని నాలుగో తరగతికి అప్పజెప్పాను. తమ చేత్తో గీసిన గీతను ఇంకొకరు తొక్కితే వాళ్లు ఊరుకునేవారు కాదు. "గీత! గీత!" అని అరిచేవారు. నేనున్నన్నాళ్లు ఆ ఉయ్యాల మళ్లీ ఎవరికీ తగల్లేదు.

ఆ పిల్ల మాత్రం సంక్రాంతి సెలవులయ్యాక రాలేదు. ఇంటికి వెళితే సామాన్లు మూటలు కట్టి ఉన్నాయి. పని దొరకక వాళ్లు మరమగ్గాల ఊరు భీవండికి పోతున్నారు.

"అక్కడ బడిలో వెయ్యండి. బాగా చదువుతది" అన్నాను.

"సూస్తం సారూ" అన్నది తల్లి. పిల్ల తలుపు పక్కన కూర్చుని, తల కొంచెం ఎడమకు తిప్పి, కుడి కంటితో దారం చూసుకుంటూ కండె చుడుతోంది. నన్ను చూసి లేవబోయింది. కూర్చోమన్నాను.

తర్వాత నాకు కోరుట్లకు బదిలీ అయింది. అక్కడి సార్లు మైదానంలో బోర్డు రాసిపెట్టమని అడిగితే, ముందు పిల్లల వెంట ఒకరోజు నడవాలని చెప్పేవాణ్ని. పొడుగు మాటలు వద్దని, చెయ్యాల్సింది ఒక్కటే చెప్పాలని, ఎందుకో కూడా చెప్పాలని, దెబ్బ తగిలే చోటనే పెట్టాలని చెప్పేవాణ్ని. ఇవన్నీ ఎక్కడ నేర్చుకున్నావని ఒకాయన అడిగాడు. సిరిసిల్లలో ఒక పిల్ల చెప్పిందన్నాను. ఆయన నవ్వి, "తెలివిగల్ల పిల్ల" అన్నాడు. అవునన్నాను.