రెజ్యూమేలో దాచిన చేప

మా బావ నా రెజ్యూమే ఐదు పేజీలూ తిరగేసి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఒరే, ఇది రెజ్యూమేనా, మెనూకార్డా?" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. విజయనగరంలో జిరాక్సు షాపువాడి పక్కన రెండు గంటలు కూర్చుని, నాకొచ్చిన వంటలన్నీ గుర్తు చేసుకుని మరీ రాయించాను. బిర్యానీలే పద్నాలుగు రకాలు. మొదటి పేజీలో నా పెళ్లి ఫొటోలోంచి కత్తిరించిన మొహం. దాని కింద తండ్రి పేరు, కులం, ఎత్తు, బరువు. అన్నిటికంటే పైన పెద్ద అక్షరాల్లో "ఎగ్జిక్యూటివ్ చెఫ్".

బావంటే మా అక్క మొగుడు. పదేళ్లకు పైగా టూరిస్టు ఓడల వంటగదుల్లో చేసి వచ్చి, ఇప్పుడు విజయనగరంలోనే చిన్న క్యాటరింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్తున్నాడు. ఓడ ఉద్యోగాలకు మనుషుల్ని తీసుకునే ఏజెన్సీ ఒకటి విశాఖలో ఇంటర్వ్యూలు పెడుతోందని చెప్పింది ఆయనే. వాళ్లకు ప్రభుత్వ లైసెన్సు ఉందో లేదో చూసింది కూడా ఆయనే. శనివారంలోగా రెజ్యూమే మెయిల్లో పంపాలి. అంతకుముందు రెండుచోట్లకు ఇదే ఐదు పేజీలు పంపాను. ఇద్దరిలో ఒక్కడూ పలకలేదు. ముప్పై మూడు దాటాయి, ఈసారి కూడా తప్పిపోతే ఇక ఓడ సంగతి మర్చిపోవాల్సిందే అని నాకు తెలుసు.

ఓడ పిచ్చి నాకు చిన్నప్పుడే పట్టింది. మాది నౌపడ దగ్గర సముద్రం ఒడ్డు. మా నాన్న వేట నుంచి వచ్చి, దూరాన ఎంత పెద్ద ఓడ చూశాడో చేతులు చాచి చెప్పేవాడు. "అందులో అంతమందికి కూడు ఎవుడు వండుతాడో" అని ఊరికే అనేవాడు. వండేది నేనే అవ్వాలని అప్పుడే అనుకున్నాను. నవ్వితే నవ్వండి.

"ఎగ్జిక్యూటివ్ చెఫ్‌వేటి నువ్వు?" అన్నాడు బావ.

"మా హోటల్ ఓనరు అనుభవం లెటర్లో అలాగే రాసి ఇచ్చాడు. హోటల్లో అందరూ మాస్టర్ అనే పిలుస్తారు."

"మన ఊళ్లో పెనం ముట్టుకున్నోడల్లా మాస్టరే రా. ఓడలో ఆ పేరున్నోడి కింద వందమంది ఉంటారు. నీ కింద ఎంతమంది?"

"నలుగురు" అన్నాను. అందులో ఒకడు అంట్లు తోముతాడని చెప్పలేదు.

"ఈ కాగితం సూసినోడు రెండిట్లో ఏదో ఒకటి అనుకుంటాడు. అబద్ధమైనా అనుకుంటాడు, లేదా ఇంత పెద్దోడికి మన దగ్గర పని లేదనైనా అనుకుంటాడు. రెండిట్లోనూ నీకు ఫోన్ రాదు."

ఉన్నమాటంటే ఉలుకెక్కువ. "అయితే తొమ్మిదేళ్లు చేసి మళ్లీ కింద నుంచి మొదలెట్టమంటావేటి" అని లేచి వెళ్లబోయాను. ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. తానూ మరో హోటల్లో పెద్ద మాస్టరుగానే ఉండి, ఓడలో అసిస్టెంటు కుక్కుగా ఎక్కి, మొదటి నెలంతా ఉల్లిపాయలు తరిగాడట. పదేళ్లలో ఆ మాట మాకెవరికీ చెప్పలేదు. అక్క వంటింట్లోంచి "ఇన్నాళ్లకు నిజం కక్కినావు" అంది.

కొత్తగా మొదలుపెట్టాం. రెండు పేజీలు దాటకూడదన్నాడు. కులం, బరువు, పెళ్లి ఫొటో తీసేశాడు. పైన పేరు, ఫోను, ఏ పనికి దరఖాస్తో అది. తరవాత చేసిన పనులు, కొత్తది ముందు, పాతది వెనక. వంటల పేర్లకు బదులు రోజుకి ఎన్ని ప్లేట్లు, పెళ్లిళ్లకు ఎంతమందికి బఫే, ఏ సెక్షన్లో నిలబడ్డాను అన్నవి. పాస్‌పోర్టు ఉందని రాశాం. ఓడలో ప్రమాదం వస్తే ఏం చేయాలో నేర్పే సేఫ్టీ కోర్సు ఇంకా చేయలేదు, ఎంపికైతే చేస్తానని అదీ ఉన్నదున్నట్టు రాయించాడు.

"అనుభవం లెటరూ ఇదీ ఒకటే మాట సెప్పాలి. ఓనర్ని లెటర్ మార్చమను" అన్నాడు.

మర్నాడు ఓనరు ముందు నిలబడి, నా పదవి కాస్త తగ్గించి రాయమన్నాను. ఆయన నోట్లోని టీ పొలమారింది.

"ఇరవయ్యేళ్లుగా హోటల్ నడుపుతన్నాను. పెంచమని వచ్చినోళ్లే గానీ తగ్గించమన్నోడు లేడయ్యా. ఏటైనాది నీకు?"

విషయం చెప్పాను. అడ్డుపడతాడేమో అనుకున్నాను గానీ, కాసేపు గడ్డం గోక్కుని, నిజంగా నేను చేసే పని ఏమిటో నన్నే చెప్పమన్నాడు. పొయ్యి మీది వంటలూ పెళ్లి విందులూ అన్నాను. "కుక్, హాట్ కిచెన్ అండ్ బాంక్వెట్స్" అని లెటర్ హెడ్ మీద టైపు చేయించి సంతకం పెట్టాడు. ఆ లెటరు పట్టుకుని బయటికి వస్తుంటే నా కాళ్లు నేలమీద లేవు. పదవి తగ్గినందుకు అంత సంబరపడ్డవాడు మా హోటల్లో నేనొక్కడినే అయ్యుంటాను.

గురువారం బావ మళ్లీ చదివాడు. పెదవి విరిచాడు.

"అంతా బాగున్నాది. కానీ ఇలాంటోళ్లు వందమంది వస్తారు. నీకే ఉన్నది ఏటుంది ఇందులో?"

రెండు పేజీలూ మళ్లీ మొదటి నుంచి వెతికాను. శుక్రవారం మా ఊరు వెళ్తున్నాను, అమ్మకు మందులివ్వాలి, నువ్వూ రా అన్నాను. వచ్చాడు.

మా అమ్మ టెక్కలి మార్కెట్లో చేపలమ్ముతుంది. మేం వెళ్లేసరికి ఇంటిముందు ఒక పండుగప్పను కడుగుతోంది. బావ వచ్చాడని అది వండబోతోంది. "నువ్వు కొయ్యరా, నా నడుం పట్టేసింది" అంది. నేను సంచిలోంచి హోటల్ కత్తి తీసి, పొలుసు గీకి, పొట్ట తీసి, వెన్నెముక మీదుగా రెండు వైపులా కండ దించి, ముక్కలు చేసి పక్కన పెట్టాను. అలవాటు పని. చేతులు కడుక్కుని తలెత్తేసరికి బావ నా వైపు విచిత్రంగా చూస్తున్నాడు.

"హోటల్లో చేప ఎవడు కోస్తాడు?"

"నానే. సముద్రం కొడుకువి నువ్వే కొయ్యమని అందరూ నా మీదకే తోస్తారు. పెళ్లిళ్లప్పుడు నలభై, యాభై కిలోలు."

"మరి రెజ్యూమేలో ఏదిరా?"

నేను కత్తి తుడిచి సంచిలో పెట్టుకున్నాను. మాలో మగవాడు సముద్రం మీదకి వెళ్తాడు, కోసి అమ్మేది ఆడది. నేను పదేళ్లప్పుడు అమ్మ పక్కన కూర్చుని కోస్తుంటే నా ఈడువాళ్లు "ఒసే" అని పిలిచి ఏడిపించేవారు. హోటల్లో చేరాక ఆ పని మూలన కూర్చుని ముగించి, చేతులకు నిమ్మకాయ రుద్దుకుని, స్టవ్ దగ్గరకు వచ్చి మాస్టరయ్యేవాణ్ని. అది రెజ్యూమేలో రాసుకునే గొప్పా?

ఇదే బావకు చెప్పాను. ఆయన తల పట్టుకున్నాడు.

"పెరటి చెట్టు మందుకు పనికిరాదని నీలాంటోడి గురించే అన్నారు. ఓడలో చేపలకి వేరే గది ఉంటాది రా, ఎర్రిబాగులోడా. ఆ గదికి చేయితిరిగినోడు దొరక్క వాళ్లు ఎతుక్కుంటారు."

అక్కడే, చేపల కూర ఉడుకుతుండగా, ఫోన్లో ఒక వాక్యం చేర్చాం. పచ్చి చేపను మొత్తంగా తీసుకుని శుభ్రం చేయడం, ఎముక తీయడం, సమానంగా ముక్కలు చేయడం, విందు రోజుల్లో యాభై కిలోల వరకు. పైన "ఏ పనికి దరఖాస్తు" అన్న చోట "కుక్ / ఫిష్ బుచర్" అని మార్చాం, అంటే చేపలు కోసేవాడని. తిని లేచి మెయిల్ పంపాం.

సోమవారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. బిర్యానీ హండీ మీద మూత పెట్టడం మరిచిపోయి మాట్లాడాను.

విశాఖలో ఒక హోటల్లో ఇంటర్వ్యూకు వచ్చిన చెఫ్ మనిషి మృదువుగా ఉన్నా ప్రశ్నలు కత్తులే. రెజ్యూమేలో ఆ వాక్యం కింద పెన్నుతో గీత గీసి పెట్టుకున్నాడు. పది కిలోల పండుగప్ప తెస్తే ఎముకలేని కండ ఎంత వస్తుంది? నాలుగు, నాలుగున్నర, అన్నాను. గడ్డకట్టిన చేపను ఎలా కరిగిస్తావు? ముందురోజే చల్లగదిలో, కింది అరలో, అన్నాను. బయట బల్లమీద పెట్టి కరిగించనన్నాను. పచ్చి చేప కోసే పలక రంగు? నీలం. ఎక్కడ నేర్చుకున్నావు? ఇక్కడ ఆగాను. ఏదో ఇన్‌స్టిట్యూట్ పేరు చెబితే బాగుంటుందని నాలుక కొసదాకా వచ్చింది. "మా అమ్మ దగ్గర, చేపల మార్కెట్లో" అన్నాను. ఆయన నవ్వలేదు. వంటగదికి రమ్మన్నాడు.

అక్కడొక చేప ఉంది. తోలు తీసి, నూట యాభై గ్రాముల ముక్కలు చేయమన్నాడు. తూకం యంత్రం ఆయన దగ్గరే పెట్టుకున్నాడు. నాకు లోపల నవ్వొచ్చింది. మా మార్కెట్లో చేప తూకం వేయరు, వాటాలు వేస్తారు. కంటితోనే సమానంగా కుప్పలు పెట్టాలి, ఒక కుప్ప వేలెడు తగ్గినా కొనేది ఊరుకోదు. పదేళ్లు ఆ కొనేవాళ్ల కళ్ల ముందు పెరిగినవాణ్ని. కోసి వరసగా పెట్టాను. ఆయన ఒక్కో ముక్కా తూచాడు. నూట నలభై ఎనిమిది. నూట యాభై రెండు. నూట యాభై. నాలుగో ముక్క దగ్గర తూచడం ఆపేసి, సేఫ్టీ కోర్సూ మెడికలూ ఎప్పటికి పూర్తి చేయగలవు అని అడిగాడు.

బస్సులో నేను కూర్చోలేకపోయాను. సీటున్నా తలుపు దగ్గరే నిలబడ్డాను. బావకు ఫోన్ చేస్తే, "సూసినావా" అని ఒక్క మాట అని అక్కకు ఇచ్చేశాడు. అక్క ఏడ్చింది, నన్ను తిట్టింది, మళ్లీ ఏడ్చింది.

మర్నాడు టెక్కలి మార్కెట్‌కే వెళ్లాను. అమ్మ వాటాలు వేస్తోంది. ఉద్యోగం వచ్చిందన్నాను. ఏ పనికి అంది. చేపలు కొయ్యడానికన్నాను.

"దానికి అంత దూరం ఎల్లాలేటి? ఇక్కడ కొయ్యొచ్చు కదా" అంది. పక్కనున్న ఆడవాళ్లంతా గొల్లున నవ్వారు. నేనూ నవ్వాను. రెజ్యూమే కాగితం తీసి, ఆ వాక్యం తెలుగులో చదివి చెప్పాను. దీన్ని చూసే తీసుకున్నారన్నాను.

అమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని కాగితం పట్టుకుంది. అటూ ఇటూ తిప్పింది. చదువు రాదు, అయినా పై నుంచి కింద దాకా వేలితో వెతికింది.

"మీ ఓనరు పేరున్నాదా ఇందులో?"

"హోటల్ పేరుంది."

"మరి నేర్పినదాని పేరేదిరా?"

పదేళ్లప్పుడు ఏడిపించినవాళ్లకు భయపడి ఆ పని దాచిన నాకు, పనితో పాటు ఎవర్ని దాచానో అప్పుడు తెలిసింది. జేబులోంచి పెన్ను తీసి, శిక్షణ అని ఉన్నచోట, ఇంగ్లీషు అక్షరాల మధ్య, తెలుగులో ఆమె పేరు రాశాను. చదివి వినిపించమంది. వినిపించాను.

"సర్లే, పక్కకి జరుగు, బేరం వచ్చినాది" అంది.

చేప తడి అంటిన ఆ కాగితమే ఓడెక్కేటప్పుడు నా ఫైల్లో పైన పెట్టుకున్నాను.