పదిహేను వందల చుక్కల కొబ్బరితోట

సాలమోను పంతొమ్మిదేళ్లుగా అమలాపురం జనాన్ని పెద్దవాళ్లను చేస్తున్నాడు. పాస్‌పోర్టు ఫొటోలో బితుకుబితుకుమంటూ కూర్చున్న మనిషిని పన్నెండడుగుల ఎత్తున, చిరునవ్వుతో, చెయ్యి ఊపుతూ నిలబెట్టడం అతని వృత్తి. పుట్టినరోజులు, ఓణీల ఫంక్షన్లు, క్రిస్మస్ కూడికలు, సంతాపసభలు, దేనికైనా వెనక వేలాడే ఫ్లెక్సీ భవానీదేవిగారి దుకాణంలో అతని చేతిమీదుగా పోవలసిందే. ఈ పంతొమ్మిదేళ్లలో కొన్ని లక్షల పేర్లు టైపు చేశాడు. అందులో తన పేరు ఒక్కసారీ లేదు.

దానికి అతను ఏనాడూ బాధపడలేదని చెప్పను. తండ్రి ఇతరుల తోటల్లో కొబ్బరికాయలు వొలిచి బతికినవాడు. సాలమోను ఇంటర్ చదివి, కంప్యూటర్ నేర్చుకుని, మూడు సెంట్ల కాలనీ ఇంట్లో స్థిరపడ్డాడు. స్థిరాస్తి అని చెప్పుకోదగ్గది పెరట్లో ఒక కరివేపాకు మొక్క. అలాంటివాడికి ఏదో ఒక ఫ్లెక్సీ అడుగున, ఎంత చిన్న అక్షరాలతోనైనా, తన పేరు పడితే చాలుననిపించడం దురాశ కాదు.

ఆ సంగతి భవానీదేవిగారికి తెలుసు. మామిడికుదురు నుంచి త్రిమూర్తులుగారి ఆర్డరు వచ్చిన రోజున ఆవిడ కళ్లజోడు పైకెత్తి, ఇది గనక త్రిమూర్తులుగారు మెచ్చుకుంటే, అడుగున మన దుకాణం పేరు పక్కన నీ పేరూ ఫోన్ నంబరూ వేసుకో అన్నారు. మెచ్చుకోకపోతే మాట ఏమిటో ఆవిడ అనలేదు. అననక్కర్లేదు.

త్రిమూర్తులుగారు కొబ్బరి రైతు. శుక్రవారం నాడు కొబ్బరి మొక్కల నర్సరీ ప్రారంభిస్తున్నారు. వేదిక వెనక ఇరవై అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తున నిండుగా కాసిన కొబ్బరితోట కనబడాలి. అది చూసి జనం మొక్కలు కొనాలి. ఫొటో తీసుకుందామంటే ఆయన తోటకు రెండేళ్లుగా తెల్లదోమ. ఆకులన్నీ జిగురు పట్టి, దాని మీద మసి పట్టి, నల్లగా ఉన్నాయి. పక్కవాళ్ల తోటలూ అంతే. కోనసీమలో ఆరోగ్యంగా ఉన్న కొబ్బరితోట కావలసివచ్చి ఆయన కూతురు సత్యశ్రీ ఫోన్లోని కృత్రిమ మేధను అడిగింది. అది అర నిమిషంలో ఒక తోటను నాటి, పెంచి, కాయించి ఇచ్చింది.

తోట దివ్యంగా ఉంది. ముందు ఒక పెద్ద చెట్టు, వెనక వరసలు, ఆ వెనక పంటకాలవ, పైన మబ్బు. చిక్కల్లా ఒక్కటే. ఆ తోట మొత్తం వెడల్పు పదిహేను వందల చిల్లర చుక్కలు, కంప్యూటర్ భాషలో పిక్సెళ్లు. ఇరవై అడుగులకు సాగదీస్తే ఒక్కొక్క చుక్క మినపగింజంత అవుతుంది. దూరంనుంచి చూసే ఫ్లెక్సీకైనా అంగుళానికి నలభై, యాభై చుక్కలుండాలి. దీనికి ఆరున్నర కూడా లేవు. పైగా బొమ్మ వాట్సాప్‌లో వచ్చింది. వాట్సాప్ దాన్ని దారిలో నలిపి, అంచుల చుట్టూ చిన్న చిన్న గళ్లు మిగిల్చింది.

సాలమోను మొదటి ప్రయత్నం అందరూ చేసేదే. పెద్దది చేసే సాఫ్ట్‌వేర్‌లో పెట్టి, మలినాలు తుడిచే మీట చివరంటా లాగి, ఒక్కదెబ్బతో ఎనిమిదింతలు చేశాడు. గళ్లు పోయాయి. వాటితోపాటు మిగతావన్నీ పోయాయి. మూడడుగుల ముక్క అచ్చు తీసి గోడకు తగిలించి కబురు పెట్టాడు.

త్రిమూర్తులుగారు ఒంటరిగా రాలేదు. తన తోటలో ఇరవై ఏళ్లుగా కాయలు దింపే కనకరాజును వెంటబెట్టుకొచ్చారు. కొబ్బరిచెట్టు విషయంలో ఆయన సంతకం కన్నా కనకరాజు మాటకు విలువెక్కువ. పదిహేనడుగుల దూరంనుంచి చూడండని సాలమోను మనవి చేశాడు. ఇద్దరూ ఆ మాట విననట్టే ముందుకెళ్లి ముక్కులు ఆనించారు. త్రిమూర్తులుగారు ఆకును వేలితో రాసి, ఆ వేలు వాసన చూసుకున్నారు.

“జిగురు పట్టేసింది. తెల్లదోమండీ ఇది,” అన్నారాయన, దుకాణం మధ్య నిలబడి, గొంతు తగ్గించి.

నిజానికి మలినాలతోపాటు ఈనెలు కూడా తుడుచుకుపోయి, ఆకులు మైనం పూసినట్టు మెరుస్తున్నాయి. కానీ ఆ మెరుపు తెల్లదోమ జిగురును అచ్చం పోలి ఉందని ఒప్పుకోక తప్పదు. కనకరాజు మాత్రం మాను దగ్గరే నిలబడిపోయాడు. పాత మట్టలు రాలిపోయినచోట కొబ్బరిమానుకు గుండ్రంగా గాట్లుంటాయి. ఎక్కేవాడికి అవే మెట్లు. ఇక్కడ మాను పైనుంచి కిందిదాకా ప్లాస్టిక్ గొట్టంలా నున్నగా ఉంది.

“సాలమోనుగారండీ, ఈ చెట్టు నేను ఎక్కలేనండి. కాలెక్కడ పెట్టాలండీ?”

ఎవరూ ఎక్కనక్కర్లేదని సాలమోను వివరించబోయాడు. ఎక్కలేని చెట్టు నర్సరీ వెనక ఉంటే దింపు తీసేవాళ్లంతా ఏమనుకుంటారని త్రిమూర్తులుగారు నిలదీశారు. ఆ ప్రశ్నకు జవాబు ఏ కంప్యూటర్ కోర్సులోనూ చెప్పలేదు.

రెండో ప్రయత్నంలో సాలమోను మరో దారి పట్టాడు. సత్యశ్రీ చేత అసలు బొమ్మను వాట్సాప్‌లోనే, ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపించుకున్నాడు. గళ్ల బాధ తప్పింది. ఈసారి వివరాలు లేనిచోట కొత్తగా కల్పించి నింపే సాఫ్ట్‌వేర్. అది పెద్ద బొమ్మను చదరాలు చదరాలుగా కోసి, ఒక్కో చదరాన్నీ విడివిడిగా గీస్తుంది. దాని కల్పనాశక్తికి ఒక మీట ఉంది. సాలమోను దాన్ని వందకు డెబ్బై దగ్గర పెట్టి, ఏం గీయాలో చెప్పే గడిలో ‘నిండుగా కాసిన కొబ్బరితోట’ అని రాశాడు.

సాఫ్ట్‌వేర్ విధేయురాలు. ప్రతి చదరానికీ అదే మాట చెప్పారు గనక, ప్రతి చదరమూ తానే ఒక కొబ్బరితోటనని నమ్మింది. పెద్ద చెట్టు మాను మీద చెంచా పొడుగున మరో కొబ్బరిచెట్టు మొలిచింది. కాలవ నీళ్లలో గెలలు వేలాడాయి. మబ్బులో కూడా, ఓపిగ్గా వెతికితే, ఏడు కాయలు కాశాయి. ఉన్న కాయలకేమో వివరాలు ఎక్కువై, నల్లి తెగులు సోకినట్టు తొక్కంతా గోధుమరంగు పగుళ్లు.

త్రిమూర్తులుగారు కనకరాజుతో మళ్లీ వచ్చి, గోడకు తగిలించిన కొత్త అచ్చును పైనుంచి కిందిదాకా చూశారు. తరవాత సంచిలోంచి వేపనూనె సీసా తీసి బల్ల మీద పెట్టారు. దేనికండీ అని భవానీదేవిగారు అడిగితే, మొన్న తెల్లదోమకని తెచ్చాను, ఇవాళ నల్లి కూడా వచ్చిందిగదా అన్నారు. ఆయన హాస్యమాడుతున్నారో లేదో ఆ ముఖం చూసి ఎవరూ పోల్చుకోలేకపోయారు. బుధవారం సాయంత్రానికి తోట బాగుపడకపోతే వెనకాల నీలం గుడ్డ కట్టించేస్తానని చెప్పి లేచారు.

కనకరాజు గుమ్మం దగ్గర ఆగాడు.

“మబ్బులో కాయలు దింపాలంటే నిచ్చెన మీరే ఇవ్వాలండి.”

సాలమోను ఆ రోజు భోజనం చెయ్యలేదు. డబ్బాలో అన్నం అలాగే ఉంది. అతను కంప్యూటర్ ముందు కూర్చుని, తన వృత్తి జీవితంలో మొదటిసారిగా బొమ్మను పెద్దది చెయ్యకుండా చూస్తూ కూర్చున్నాడు. అలా చూస్తుంటే ఒక సంగతి తట్టింది. దూరపు చెట్లూ, మబ్బూ మసగ్గానే ఉన్నాయి, మసగ్గానే ఉండాలి. మనిషి కన్ను కూడా వాటిని అలాగే చూస్తుంది. వాటికి వివరాలు కావాలని ఎవరడిగారు? కనకరాజు అడిగింది ఒక్క మాను గురించే.

మర్నాడు ఉదయం బస్సెక్కి మామిడికుదురు వెళ్లాడు. త్రిమూర్తులుగారి తోటలో రోగం ఆకులకే గాని మానులకు కాదు. కనకరాజు తోటంతా తిరిగి, పెళ్లికొడుకును ఎంచినంత శ్రద్ధగా ఒక చెట్టును ఎంచాడు. బొమ్మలో ఎండ ఎడమవైపునుంచి పడుతోంది గనక, సాలమోను ఎండ ఎడమవైపుకొచ్చేదాకా కూర్చుని, దగ్గరనుంచి మానును ముక్కలు ముక్కలుగా ఫొటోలు తీశాడు.

దుకాణానికొచ్చి మూడోసారి మొదలుపెట్టాడు. ఈసారి ఒక్కదెబ్బతో కాదు. రెండింతలు చేసి చూసుకోవడం, మళ్లీ రెండింతలు, మళ్లీ రెండింతలు. కల్పనాశక్తి మీట డెబ్బైనుంచి ఇరవైకి దిగింది. ఏం గీయాలో చెప్పే గడిలో కొబ్బరి అన్న మాటే లేదు. చదరాలు ఒకదాని మీదికి ఒకటి కాస్త ఎక్కేలా పెట్టాడు, అతుకులు కనబడకుండా. మబ్బునూ, వెనక వరసలనూ ఆ సాఫ్ట్‌వేర్ చేతికే ఇవ్వలేదు. మామూలుగా సాగదీసి మెత్తగా వదిలేశాడు. ముందున్న పెద్ద మాను మీద మాత్రం నిజం మాను ఫొటోలు పరిచి, రంగూ నీడా కలిపాడు. అన్నీ అయ్యాక, పూర్తి కొలతకు వచ్చాక, బొమ్మంతటి మీదా సన్నటి ఇసుక చల్లినట్టు ఒకే రకం నలుసు వేశాడు. అది ముందే వేసి ఉంటే బొమ్మతోపాటు పెరిగి బెల్లం గడ్డలయ్యేది. చివర్లో వేయడంవల్ల ఫొటో ముక్కా, కల్పించిన ముక్కా, సాగదీసిన ముక్కా ఒకే తల్లి బిడ్డల్లా కలిసిపోయాయి.

బుధవారం సాయంత్రం మళ్లీ మూడడుగుల ముక్క గోడకెక్కింది. త్రిమూర్తులుగారు ముక్కు ఆనించారు. ఆకు మీద వేలు రాశారు. వాసన చూశారు. వేలు పంచెకు తుడుచుకుని పక్కకు జరిగారు. ఈసారి సంచి విప్పకపోవడం శుభసూచకమని భవానీదేవిగారు పోల్చుకున్నారు. అందరూ కనకరాజు వైపు తిరిగారు.

కనకరాజు చెప్పులు విడిచాడు. గోడ దగ్గరికెళ్లి, కుడిపాదం ఎత్తి, మొదటి గాటు మీద ఆనించి చూశాడు. పై గాటును చేత్తో తడిమాడు. తరవాత పాదం దించి, చెప్పులు తొడుక్కున్నాడు.

“ఆయ్. ఎక్కొచ్చండీ.”

శుక్రవారం నర్సరీ ప్రారంభమైంది. ఫ్లెక్సీ అడుగున భవానీదేవిగారి దుకాణం పేరూ, దాని పక్కన ‘సాలమోను, అమలాపురం’ అనీ, ఫోన్ నంబరూ ఉన్నాయి. దుకాణం పేరున్న మూలకు అడ్డంగా త్రిమూర్తులుగారి మనుషులు అమ్మకపు మొక్కలు వరసగా పేర్చేశారు. పైకి కనబడేది సాలమోను పేరూ, ఫోన్ నంబరూ మాత్రమే. రైతులు ఒక్కొక్కరే వచ్చి ముక్కులు ఆనించి, ఆకులు పరీక్షించి, తలలూపి, మొక్కలు కొనుక్కుని వెళ్లారు. బొమ్మ బాగుందని ఒక్కరూ అనలేదు. అది బొమ్మన్న సంగతే ఎవరికీ తట్టలేదు మరి. సాలమోను చివరి వరసలో కుర్చీలో కూర్చుని, పంతొమ్మిదేళ్ల తరవాత పేరు పడ్డ పనిని ఎవరూ పనిగా గుర్తించకపోవడం విజయమా, అపజయమా అని ఆలోచించి, తేల్చుకోలేక టీ తాగాడు.

సోమవారం ఫోన్ మోగింది. అవతల కొత్తపేటకు చెందిన కొబ్బరికాయల వ్యాపారి. నర్సరీలో మీ తోట ఫొటో చూశామండీ, ఈ రోజుల్లో తెల్లదోమ లేని తోట మీదొక్కటే కనబడింది, అని ఎంతో మర్యాదగా మొదలుపెట్టాడు. సాలమోనుగారండీ, సాలమోనుగారండీ అంటూ మాటకొకసారి పేరు పిలిచాడు. ఏ మందు కొట్టారు, ఎన్నెకరాలు, ఈసారి కాయ ఎవరికైనా ఇచ్చేశారా అని అడిగాడు.

సాలమోను పెరట్లోకి నడిచి కరివేపాకు మొక్క పక్కన నిలబడ్డాడు. నిజం చెప్పడానికి నోరు తెరిచాడు. అతని తండ్రి జన్మంతా ఇతరుల తోటల్లో, ‘మీ తోట’ అన్న మాట ఇంకెవరితోనో అంటుంటే వింటూ కాయలు వొలిచాడు. సాలమోను గొంతు సవరించుకున్నాడు.

“ఇచ్చేశామండి. ఈ మధ్యనే దింపు అయిపోయిందండి,” అన్నాడు.