అక్క నోట బావ పేరు

మా బావ ఒక కంపెనీలో పనిచేసేటప్పుడు క్రెడిట్ కార్డు తీసుకున్నాడు. ఉద్యోగం పోయింది, కార్డు మీది అప్పు మాత్రం మిగిలింది. బ్యాంకు తరఫున వసూలుకు వచ్చిన మనిషి ఓ కాగితం అక్క ముందు పెట్టి, "భర్త అప్పు భార్యే కట్టాలమ్మా. సంతకం చెయ్యి, లేకపోతే నీ నేల వేలానికి పోతుంది" అన్నాడట. ఆ నేల తమిళనాడులో, మా ధర్మపురి జిల్లా కడత్తూరు పక్కన, అక్క పేర మా అమ్మ రాసిచ్చినది. అందులో టమాటా పండించే అక్క ఇల్లు నడుపుతున్నది.

ఇక్కడి మా తెలుగు వాళ్లలో మొగుడి అప్పు ఇంటి అప్పే. అక్క సంతకానికి సిద్ధపడింది కూడా. నాకు ఒళ్ళు మండిపోయింది. "వాడు చెప్తే చట్టమా?" అని చేయి పట్టుకొని ధర్మపురి కోర్టులో ఉన్న ఉచిత న్యాయ సహాయ కేంద్రానికి లాక్కెళ్లాను.

అక్కడి లాయరమ్మ కార్డు ఎవరి పేర ఉందని అడిగింది. అక్క తల దించుకుంది. మొగుడి పేరు నోటితో పలకడం మాలో లేదు. నేనే చెప్పాను.

"నువ్వు హామీ సంతకం చేసినావా? నీ పేరుతో ఇంకో కార్డు తీసుకున్నారా?" లాయరమ్మ తమిళంలో అడిగింది.

"లేదమ్మా, ఆ కార్డు నేను చూడను కూడా లేదు."

"అయితే ఆ అప్పు నీది కాదు. బ్యాంకు ఆయన మీద కేసు వేయొచ్చు, ఆయన ఆస్తి మీదికి పోవచ్చు. నీ నేల జోలికి రాలేరు. కానీ ఆ కాగితం మీద సంతకం పెడితే నువ్వే బాధ్యత నెత్తిన వేసుకున్నట్టు."

బస్సులో అక్క ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు.

వారంలోనే ఆ మనిషి మళ్ళీ వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. అక్క అతనికి మజ్జిగ ఇచ్చింది. నాకైతే చెంబెడు నీళ్ళు కూడా ఇవ్వబుద్ధి కాలేదు. అతను తాగి, కాగితం చాపాడు. బావ లోపల తలుపు చాటున నిలబడ్డాడు.

"సంతకం చేయను, అన్నా. హామీ నేను ఇయ్యలేదు, కార్డు నాది కాదు."

"మరి ఎవరిదమ్మా?" అన్నాడు ఎగతాళిగా.

అక్క మెడ నిటారుగా పెట్టుకుంది. అంతవరకు "మా ఇంట్లో ఆయన" అనడం తప్ప ఇంకోలా పిలవని మనిషి, వీధి వినేలా బావ పేరు, ఇంటిపేరుతో సహా పలికింది. ఎంత గర్వమేసిందో చెప్పలేను.

లోపల ఏదో గిన్నె దొర్లింది. బావ బయటికి వచ్చాడు. ముఖం ఎర్రబడింది.

"ఔను, నాదే. బ్యాంకుకు నేనే పోయి మాట్లాడతా. దాన్ని ఇంక అడగవద్దు" అన్నాడు.