మడత విప్పిన చీటీ

స్టేషన్ మాస్టరు బాలస్వామి నోరు మూయించినవాళ్ళు ఆ ఊళ్ళో ఇద్దరే. ఒకరు ఆయన అత్తగారు, రెండోది మదార్ బీ. అత్తగారి సంగతి విన్నదే గానీ, మదార్ బీ గెలవడం మాత్రం లక్ష్మక్క ప్లాట్‌ఫారం మీద నిలబడి కళ్ళారా చూసింది.

మదార్ బీ జిల్లా బోర్డు ఆసుపత్రిలో మంత్రసాని. సర్టిఫికెట్ చదువు చదివింది. లక్ష్మక్క అదే ఆసుపత్రిలో ఆయా. డాక్టరు వారానికొకసారి వచ్చిపోయేవాడు. మిగతా ఆరు రోజులూ ఆ చుట్టుపక్కల పుట్టే పిల్లలంతా మదార్ బీ చేతుల్లో పడాల్సిందే. చెయ్యి దాటిన కాన్పు వస్తే అడగడానికి ఆమెకున్న దిక్కు కడప పెద్దాసుపత్రిలో పనిచేసే బీబమ్మ. ఇద్దరూ ఒకే ఏడు పని నేర్చుకున్నవాళ్ళు. ఊళ్ళో ఫోన్ ఉన్నది స్టేషన్‌లోనే.

ఫోన్ రైళ్ళ కోసమని బాలస్వామి మొండికేశాడు. పైవాళ్ళకు తెలిస్తే తన ఉద్యోగానికే మోసమన్నాడు. మదార్ బీ గొంతు పెంచలేదు.

"నీ బండి సిగ్నల్ కాడ గంట నిలబడితే ఏమైతాదప్పా? గంట లేటయితాది. నా కాడ బిడ్డ గంట నిలబడితే ఏమైతాదో మీ ఇంట్లో అడిగి రా."

బాలస్వామి భార్య మూడో కాన్పు చేసింది మదార్ బీయే. ఆయన కాసేపు పచ్చజెండా చుడుతూ విప్పుతూ ఉండి, చివరికి ఒప్పుకున్నాడు. లైను ఖాళీగా ఉన్నప్పుడు ఐదు నిమిషాలు, అంతకు మించి లేదన్నాడు.

మొదటిసారి ఆ ఐదు నిమిషాలూ దండగయ్యాయి. "అర్జెంటు, వెంటనే ఫోన్ కాడికి రా" అని కడప స్టేషన్ నుంచి ఆసుపత్రికి కబురంపితే బీబమ్మ రాలేదు. ఎందుకు రాలేదని తర్వాత మదార్ బీ నిలదీస్తే ఆమె తిరిగి కడిగిపెట్టింది. "అర్జెంటు అని అందరూ అంటారు. ఈడ నా ముందర ఒకామె బల్ల మీద ఉండాది. ఏందో చెప్పకుండా రమ్మంటే ఆమెను ఎట్ల వదిలి వచ్చేది?"

ఆ మాట మదార్ బీకి సూదిలా దిగింది. అప్పటినుంచి ఫోన్ కావాలంటే ముందు చీటీ రాసేది. మనిషి ఎవరు, నొప్పులు ఎప్పటినుంచి, ఇప్పుడు ఎట్లా ఉంది, తను ఏం చేసింది, ఏ మాట తేల్చాలి, ఎన్ని గంటల లోపల. అంతే. బాలస్వామి అది ఫోన్‌లో చదివితే, కడప స్టేషన్‌లో రాసుకుని మనిషితో ఆసుపత్రికి పంపేవాళ్ళు. చీటీ చూసిన బీబమ్మ, రావాలో అక్కర్లేదో నిలబడినచోటే తేల్చుకునేది. కొన్నిసార్లు ఫోన్ దాకా రాకుండానే జవాబు వచ్చేది.

అవి యుద్ధం రోజులు, ఎండాకాలం. పట్టాల పని చేసే కంబన్న భార్య రామేశ్వరమ్మకు రైల్వే క్వార్టర్లో కాన్పు. మధ్యాహ్నం ఒంటిగంటకు మగపిల్లవాడు పుట్టాడు. ఆ వెంటనే నెత్తురు కనబడింది. గర్భసంచి బిగిసేందుకని మదార్ బీ ఎర్గాట్ మందు తాగించింది. మాయ పడకముందే ఇచ్చింది. తర్వాత పొట్ట మీద చెయ్యి వేసి తడిమింది.

"లక్ష్మక్కా, లోపల ఇంకో బిడ్డ ఉండాది. అడ్డంగా ఉండాది."

ఇరవై ఏళ్ళ అనుభవమున్న చెయ్యి. మందు పొయ్యకముందు ఒక్కసారి పొట్ట తడిమి ఉంటే చాలు. లోపల బిడ్డ ఉండగా సంచి బిగిస్తే తల్లికీ బిడ్డకూ గండం.

మదార్ బీ చేతులు కడుక్కుని కాగితం తీసింది. రాసి, లక్ష్మక్క చేతిలో పెట్టి, బాలస్వామితో ఒక్క అక్షరం కూడా వదలకుండా చదివించమంది.

లక్ష్మక్కకు చదువు అంతంతమాత్రం. కూడబలుక్కుంటూ, మండే కంకర మీద నడుస్తూ చదివింది.

"బీబమ్మకు. ఐదు నిమిషాలు ఫోన్ కాడికి రా. కంబన్న భార్య, రెండో కాన్పు. ఒంటిగంటకు ఒక బిడ్డ పుట్టినాడు. రెండోది లోపల అడ్డంగా ఉంది. తల్లికి తెలివి ఉంది. రెండున్నరకు ఈడ గూడ్సు ఉంది, కడపకు పంపాల్నా? లేక కడపలో రెండూ నలభైకి బయలుదేరే ప్యాసింజర్‌లో మీ డాక్టరమ్మ వస్తుందా? రెండుంబావుకల్లా చెప్పు. మొదటి బిడ్డ పుట్టగానే చూసుకోకుండా ఎర్గాట్ ఒక మోతాదు ఇచ్చినాను. తప్పు నాది."

ఆఖరి వరుస దగ్గర లక్ష్మక్క కాళ్ళు ఆగిపోయాయి. ఆ ఫోన్ లైను మీద కడప దాకా ఎన్ని స్టేషన్లున్నాయో అందరూ చెవి పెట్టి వినొచ్చు. సాయంత్రానికల్లా ప్రతి టీ బంకు దగ్గరా ఇదే మాట. సర్టిఫికెట్ పోతుంది. ఇంతకాలం ఎవరి ముందూ తల వంచని మనిషి, తన గొయ్యి తనే తవ్వుకుని పలుగు లక్ష్మక్క చేతికిచ్చింది.

అందుకని ఆమె కాగితం అడుగుభాగాన్ని వెనక్కి మడిచింది. గోటితో గీరి మరీ మడిచింది.

బాలస్వామి ఫోన్ తిప్పి చదవసాగాడు. అవతల కడపవాళ్ళు ఒక్కొక్క మాటా తిరిగి పలుకుతూ రాసుకుంటున్నారు. "రెండుంబావుకల్లా చెప్పు" దాకా వచ్చి ఆగాడు.

"అంతేనా?"

బయట కంబన్న, ఇద్దరు కూలీలు మంచం కోళ్ళకు తాళ్ళు కడుతున్నారు. రామేశ్వరమ్మను గూడ్సు బండి ఆఖరి పెట్టెలోకి ఎక్కించడానికి. జవాబు రాకముందే వాళ్ళు సిద్ధం. లక్ష్మక్క ఆ తాళ్ళను చూసింది. బీబమ్మ ఈ సగం చీటీ చూసి ఏమంటుంది? ఎక్కించమనే కదా అంటుంది. ఆ మాట మీదే ఎక్కిస్తారు.

"ఇంకొకటి ఉండాదప్పా" అని మడత విప్పింది.

బాలస్వామి చూపు ఆ వరుస మీద పడింది. ఇది కూడా చదవాలా అన్నట్టు చూశాడు. ఆమె తలూపింది. ఆయన చదివాడు. చదివేటప్పుడు గొంతు తగ్గించాడు గానీ, అవతలివాడు వినబడలేదని మళ్ళీ చెప్పించుకున్నాడు. రెండోసారి గట్టిగా చెప్పక తప్పలేదు. మధ్య స్టేషన్లో ఎవరో "అయ్యో" అన్నది ఫోన్‌లోంచి లక్ష్మక్కకూ వినబడింది.

రెండూ పన్నెండుకు ఫోన్ మోగింది. బీబమ్మే. రొప్పుతోంది. ఐదు నిమిషాలు కాదు, ఒక్క నిమిషం కూడా మాట్లాడలేదు.

"మనిషిని కదిలియ్యద్దండి. గూడ్సు ఎక్కిచ్చద్దు. ఆ మందు మీద కుదిపితే సంచి పగుల్తాది. డాక్టరమ్మా నేనూ ప్యాసింజర్‌లో వస్తాండాం, మత్తుమందు తెస్తాండాం. ఇంకో చుక్క మందు ఇయ్యద్దను."

గూడ్సు వచ్చింది, రామేశ్వరమ్మ లేకుండానే పోయింది. కంబన్న తాళ్ళు పట్టుకుని, ఆ పొగ వంక పిచ్చివాడిలా చూస్తూ నిలబడ్డాడు.

నాలుగు దాటాక బీబమ్మతో పాటు డాక్టరమ్మ దిగింది. క్లోరోఫాం ఇచ్చి, బిగిసిన గర్భసంచి సడలాక లోపల చెయ్యి పెట్టి బిడ్డను తిప్పి తీసింది. ఆడపిల్ల. ఊపిరి లేదు. తల్లి బతికింది. చేతులు తుడుచుకుంటూ డాక్టరమ్మ, బండిలో వేసి ఉంటే తల్లి కూడా దక్కేది కాదంది. గోటితో తను గీరిన ఆ గీత ఎంత పనిచెయ్యబోయిందో లక్ష్మక్కకు అప్పటికి గానీ తలకెక్కలేదు.

వారం తిరక్కముందే బోర్డు నుంచి కాగితం వచ్చింది. విచారణ తేలేదాకా మదార్ బీ కాన్పులు చెయ్యకూడదు. ఆమె ఆ కాగితాన్ని ఒకటికి రెండుసార్లు చదివి, అందులో తప్పు లేదంది. సంచి సర్దుకుంటూ, బాలస్వామి తిరిగిచ్చిన చీటీని బయటికి తీసింది. అడుగున ఆ గీత తెల్లగా కనిపిస్తోంది. దాని మీద వేలు పెట్టి లక్ష్మక్క వంక చూసింది. లక్ష్మక్కకు భూమి చీలితే బాగుండునన్నట్టయింది. ఒక మాట అంటే బాగుండును, ఒక చెంపదెబ్బ కొట్టినా బాగుండును.

మదార్ బీ తిట్టలేదు.

"కొత్తామె వస్తాది. ఈ చీటీ ఆమెకు చూపిచ్చు. నేను ఆ వరుస అడుగున రాసినా. పైన రాయాల్సింది. ఆమె తప్పు ఏదైనా ఉంటే పైనే రాయమను. రాయకపోతే నువ్వు చీటీ తీస్కపోవద్దు."