డ్రాయర్‌లో దాచిన స్లైడు

ఆ అమ్మాయి వచ్చిన మొదటి వారంలోనే నాకు ఒళ్లు మండింది. తప్పు తనది కాదు. పటాన్‌చెరు హైవే పక్కనున్న ఆ చిన్న ఆస్పత్రి ల్యాబుకు పదకొండేళ్లుగా నేనే రాజును, నేనే బంటును. రక్తం తీసేది నేను, స్లైడు వేసేది నేను, మైక్రోస్కోపు తుడిచేది నేను. మా పెద్ద డాక్టరుగారికి ఏ అనుమానం వచ్చినా కారిడార్ అవతలి నుంచే నన్ను కేకేసేవారు. తొంభైల మధ్యలో ఆ కేక ఆ అమ్మాయివైపు తిరిగింది.

వాళ్ల నాన్న గుంటూరు వైపు నుంచి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. తను సిటీలో పెద్దాస్పత్రి ల్యాబులో పని నేర్చుకుని వచ్చింది. నన్ను "అన్నయ్యా" అని పిలిచేది. అన్నయ్యా అంటూనే నా చేతిలోని పని అందుకునేది. అత్తమీది కోపం దుత్తమీద తీసినట్టు నేను టెస్టుట్యూబుల స్టాండును బల్లమీద దబ్బున పెట్టేవాడిని. తను పట్టించుకునేది కాదు. అదీ నాకు మంటే.

అప్పుడే మా దగ్గరకు బొంతపల్లి దగ్గరి ఫ్యాక్టరీలో పనిచేసే ఇరవై ఆరేళ్ల అబ్బాయి కేసు మళ్లీ వచ్చింది. రైతుల ఇంటి పిల్లవాడు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. హిమోగ్లోబిన్ ఆరు, ఉండాల్సిన దాంట్లో సగం కూడా లేదు. రెండేళ్ల క్రితం అతని రక్తం స్లైడు చూసి, ఎర్ర కణాలు చిన్నగా, పాలిపోయి ఉన్నాయనీ, ఇది ఐరన్ లోపమనీ రాసింది నేనే. అప్పటి నుంచి ఐరన్ మాత్రలు మింగుతున్నాడు. కడుపులో నులిపురుగుల్లేవు, ఎక్కడా రక్తం పోవడం లేదు, అయినా హిమోగ్లోబిన్ కదలదు. ఆ అమ్మాయి పాత స్లైడు మళ్లీ చూసి, చిన్న కణాల మధ్య మామూలు కణాలు కూడా ఉన్నాయనీ, ఉత్త ఐరన్ లోపంలో సాధారణంగా అలా ఉండవనీ డాక్టరుగారికి చూపించింది. నేను రెండేళ్ల క్రితం వాటిని చూసి కూడా వదిలేశాను.

డాక్టరుగారు తుంటి ఎముకలో సూది దించి మూలుగ తీశారు. ఆ అబ్బాయి పళ్లు బిగించి మంచం చట్రం పట్టుకున్నాడు. చాలా కొద్దిగా వచ్చింది. కణాలు కనబడేందుకు వేసే మామూలు రంగుకు పోగా ఒకే ఒక్క స్లైడు మిగిలింది. దాన్ని ఐరన్ రంగుకు ఆ అమ్మాయి తీసుకుంది. పొటాషియం ఫెర్రోసైనైడ్‌ను యాసిడ్‌తో అప్పటికప్పుడు కలిపి అందులో స్లైడు ముంచితే, ఐరన్ ఎక్కడుంటే అక్కడ నీలం రంగు తేలుతుంది. ఐరన్ లోపమైతే మూలుగలో నీలం అన్న మాటే ఉండదు.

మైక్రోస్కోపులో ముందుగా నేనే చూశాను. తను చేతులు కడుక్కోవడానికి వెళ్లింది. ఎర్ర కణాలుగా మారబోతున్న పిల్ల కణాల్లో, కేంద్రకం చుట్టూ, నీలం చుక్కలు వరసగా కంకణం కట్టినట్టున్నాయి. ఒకటి కాదు, చూసిన చోటల్లా. పుస్తకంలో బొమ్మ చూశాను గాని నిజంగా చూడటం అదే మొదలు. సిడెరోబ్లాస్టిక్ అనీమియా. ఇంట్లో బియ్యం బస్తాలున్నా పొయ్యి అంటుకోక పస్తులున్నట్టు, కణంలో ఐరన్ ఉంది, దాన్ని హిమోగ్లోబిన్‌గా వండే పని జరగడం లేదు. వండని ఐరన్ కేంద్రకం చుట్టూ ఉన్న మైటోకాండ్రియాల్లో పేరుకుపోయింది. హిమోగ్లోబిన్ తక్కువైంది కాబట్టి కణం చిన్నదైంది. పైకి చూస్తే రెండు జబ్బులూ ఒకేలా కనిపిస్తాయి. నేను రాసిన రిపోర్టు తప్పు.

పక్కనే ఇంకో స్లైడు ఆరుతోంది. ఐరన్ లోపమని తేలిన ఒకామె పాత మూలుగ స్లైడు. దాన్ని కూడా అదే జాడీలో, అదే నీళ్లతో తను రంగు వేసింది. నీళ్లలో గాని గాజులో గాని ఇనుము కలిస్తే అందులోనూ నీలం రావాలి. చూశాను. శుభ్రంగా ఉంది. దాన్ని తీసి నా డ్రాయర్‌లో పెట్టాను. ఎందుకు పెట్టానో అప్పుడు నాకు బాగా తెలుసు.

డాక్టరుగారు వచ్చి చూసి నావైపు తిరిగారు. "ఏమంటవయ్యా?"

"మన బోరు నీళ్ల సంగతి మీకు తెల్వంది కాదు గద సార్. బకెట్ల పోస్తే తెల్లారేసరికి ఎర్రగ తుప్పు దిగుతది. గా నీళ్లతోనే జాడీలు కడుగుతరు. ఆ నీలమంతా గదే."

"జాడీని యాసిడ్‌తో శుభ్రం చేసి డిస్టిల్డ్ వాటర్‌తోనే కడిగాను సార్," అందా అమ్మాయి. "పక్కన ఇంకో స్లైడు కూడా వేశాను. ఇక్కడే పెట్టాను." బల్ల కింద, చెత్తబుట్టలో వెతికింది. "అన్నయ్యా, మీరేమైనా చూశారా?"

"లేదమ్మా. ఊడ్చే ఆయమ్మ కడిగేసిందేమో."

నీళ్లలోని ఇనుమైతే స్లైడంతా ఎక్కడబడితే అక్కడ, కణాల మీదా బయటా చిందినట్టు పడుతుంది గాని, కేంద్రకం చుట్టూ కంకణంలా కూర్చోదు. అది నాకు తెలుసు. తను అదే చెప్పింది కూడా. కానీ తను వచ్చి మూడు నెలలు, నేను పదకొండేళ్లు. డాక్టరుగారు నా మాటే పట్టుకుని, మాత్రలు ఒంటబట్టడం లేదేమో, ఐరన్ ఇంజెక్షన్లే వేద్దామన్నారు. ఆ సాయంత్రం నాకు ఆకలి బాగా వేసింది. సిగ్గులేకుండా చెబుతున్నాను.

ఇంజెక్షన్లు పది పడ్డాయి. హిమోగ్లోబిన్ ఆరు నుంచి ఐదున్నరకు దిగింది. అప్పుడు డాక్టరుగారు సిటీకి పంపి ఫెరిటిన్ చేయించారు. ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే పరీక్ష అది. లోపమైతే అట్టడుగున ఉండాలి. ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లు ఎక్కువొచ్చింది. లివర్‌లో కూడా పేరుకుంటుందేమోనని డాక్టరుగారికి భయం పట్టుకుంది. "మూలుగ మళ్లీ తియ్యాలె. ఈసారి నీళ్లు నువ్వే చూసుకో," అన్నారు నాతో.

ఆ అబ్బాయి ఒక పక్కకు ఒత్తిగిల్లి పడుకున్నాడు. నర్సు లుంగీ కిందికి జరిపింది. ఇంజెక్షన్లు పడిన చోట చర్మం కింద గోధుమరంగు మరకలు, టీ ఒలికి ఎండినట్టు. వాడు మంచం చట్రం ముందే పట్టుకుని ఉన్నాడు.

"సార్, జెర మెల్లగ," అన్నాడు.

నేను ల్యాబులోకి వెళ్లి డ్రాయర్ లాగి ఆ స్లైడు తెచ్చాను. "సూది వద్దు సార్. ఇది ఆమె చేసిన స్లైడే. గదే జాడీ, గవే నీళ్లు. దీంట్ల నీలం లేదు. నేనే దాచిపెట్టిన."

డాక్టరుగారు స్లైడును మైక్రోస్కోపు కింద పెట్టి చూశారు. నన్ను తిట్టలేదు. "అమ్మా, నువ్వు చెప్పిందే రైటు," అన్నారు ఆ అమ్మాయితో. నిజం చెబుతున్నాను, ఆ మాటకు కూడా నాకు కుళ్లే. తప్పు ఒప్పుకుంటూ కూడా మెచ్చుకోలు నాకు దక్కాలనిపించింది. తను నావైపు చూడకుండా స్లైడు తీసుకుని, దాని మీది దుమ్మును కొంగుతో తుడిచింది. ఆ రోజు నుంచి నన్ను అన్నయ్యా అనలేదు. సార్ అంది.

ఐరన్ ఆపేసి బి-సిక్స్ విటమిన్ మాత్రలు మొదలుపెట్టారు. అందరికీ పనిచేయదు, కొన్ని రకాలకే పనిచేస్తుందని డాక్టరుగారు ముందే చెప్పారు. తన మేనమామ కూడా చిన్నప్పటి నుంచి ఇట్లాగే పాలిపోయి ఉండేవాడని అబ్బాయి అప్పుడు బయటపెట్టాడు. ఇది పుట్టుకతో వచ్చేదే అయ్యుంటుందన్నారు డాక్టరుగారు. మూడు నెలల్లో హిమోగ్లోబిన్ తొమ్మిది దాటింది.

ఆ లెక్క చూడటానికి రక్తమిచ్చేందుకు ఆ అబ్బాయి వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. ఆ రోజు మంచం పక్కన మేం మాట్లాడుకున్న స్లైడ్ల గొడవ వాడికి అర్థం కాలేదు. సూది తప్పిందన్నదొక్కటే అర్థమైంది.

"నీ పున్నెమే అన్నా, రెండోపారి సూది తప్పిచ్చినవ్. గని ఈ మరకలు పోతలేవు. నా పెండ్లాం రోజూ అడుగుతది, ఏందియి అని. ఏం చెప్పాలె?"

"నేను పెట్టిచ్చిన అని చెప్పు," అన్నాను.

వాడు హాస్యమనుకుని నవ్వి, చొక్కా చెయ్యి మడిచి నా ముందు చాపాడు.