రేపు రమ్మన్న కంప్యూటర్

నాంపల్లి కోర్టులో శశికళ గుమాస్తాగిరీ మొదలైన నాటి నుంచీ ఒకటే పద్ధతి. రేపు వాయిదా ఉన్నవాళ్లకు ఈ సాయంత్రం తనే ఫోన్ చేసి, "వస్తున్న" అని వాళ్ల నోటితో అనిపించుకుంటే గాని ఆమెకు అన్నం సహించదు. నెల క్రితం ఆమె పనిచేసే వకీలు శ్యామ్‌సుందర్ ఆ పని మాన్పించాడు. అబిడ్స్‌లోని తన ఇంటి కంప్యూటర్లో ఏదో ప్రోగ్రాం పెట్టుకున్నాడట, రోజూ సాయంత్రం ఆరింటికి మెసేజీలు వాటంతటవే పోతాయట.

పోయాయి, ఆయన ఇంట్లో ఉన్నన్నాళ్లూ. మొన్న పెళ్లికని వరంగల్ వెళ్తూ ఆయన భార్య వసుమతి అలవాటు ప్రకారం గోడ మీది స్విచ్చులన్నీ ఆపేసింది. మంగళవారం పొద్దున వకీలు రైలు దిగి నేరుగా కోర్టుకొచ్చాడు. ఆ రోజు వాయిదా ఉన్న, స్టేషన్ ముందు బజ్జీలు వేసే మల్లయ్య మాత్రం రాలేదు. ఎప్పటిదో ఫుట్‌పాత్ గొడవ కేసు. శశికళ ఫోన్ చేస్తే ఎత్తలేదు. పిలుపులో పలకనందుకు వారంటు వేశారు.

బుధవారం పొద్దున్నే మల్లయ్య ఇస్త్రీ చొక్కాతో కోర్టు మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు.

"నిన్న రాత్రి మెసేజ్ వచ్చిందమ్మా, రేపు వాయిదా అని. మీ ఫోన్ గూడ గందుకే అనుకున్న. దుకాణం బంద్ పెట్టి వచ్చిన."

శశికళకు ఒళ్లు మండిపోయింది. తిన్నగా వకీలు దగ్గరికి పోయి అడిగింది.

"ఆఫ్‌లో ఉంటే ఎట్ల పంపుతది?" అన్నాడాయన. "స్లీప్‌ల పండుకున్నా పంపదు. రాత్రి ఆన్ చేసిన, ఆగిపోయిన మెసేజీలన్నీ అప్పుడు పోయినయ్."

"వాయిదా అయిపోయినంక రేపు రమ్మని చెప్పిందా సార్? గసుంటి దాన్ని నమ్మి నా ఫోన్ ఎందుకు బంద్ చేయించిన్రు?"

ఆయన కాగితాలు ముందుకు లాక్కున్నాడు. వారంటు రద్దు చేయమనే పిటిషన్‌లో మల్లయ్యకు జ్వరమని రాయించాడు. తప్పు తమది, జ్వరం మల్లయ్యకా! శశికళ పళ్లు కొరుక్కుంది.

మధ్యాహ్నం పిలిచారు.

"జ్వరం తగ్గిందా?" అని అడిగారు జడ్జి.

మల్లయ్య వకీలు వైపు చూశాడు, శశికళ వైపు చూశాడు. వద్దనడానికి వకీలు చెయ్యెత్తాడు. శశికళ మాత్రం చెప్పమన్నట్టు తలూపింది.

"నాకు జ్వరం రాలే సార్. ఇయ్యాల రమ్మన్రు, వచ్చిన."

ఫోన్ చూపించాడు. జడ్జి మెసేజ్ చదివారు, తేదీ చూశారు, వారంటు రద్దు చేశారు. తర్వాత పిటిషన్‌ను వకీలు ముందుకు తోసి, ఈ జ్వరం ఎవరు రాశారో చెప్పమన్నారు.

శ్యామ్‌సుందర్ తల దించుకున్నాడు. శశికళకు జాలి కలగలేదు. బయటికొచ్చి, మెట్ల మీదే కూర్చుని, రేపటి వాళ్లకు ఫోన్లు మొదలుపెట్టింది. వకీలు పక్కనుంచే వెళ్లాడు గాని, వద్దని మాత్రం అనలేదు.